‘చూస్తాను’ అనే మాటకి వ్యతిరేకంగా

మన తెలుగువాళ్ళని ఏ శుభకార్యానికి పిలిచినా వచ్చే జవాబులు మూడే. ‘తప్పకుండా వస్తాం’, ‘అయ్యో, కుదరదండీ’, ‘చూస్తాను’. మొదటిది అందరికీ ఇష్టం. రెండోది అనాలంటే అందరికీ భయం. అందుకని మూడోదాన్ని కనిపెట్టుకున్నాం. హాస్టల్ భాషలో దాని పేరు ‘ట్రై చేస్తా మావా’. వినడానికి ఎంత మెత్తగా ఉంటుందో! ఎవరి మనసూ నొప్పించదు, ఎవరికీ మాట ఇచ్చినట్టూ ఉండదు. నా గొడవంతా దాంతోనే. పిలిచినవాళ్ళకి మనం ఇవ్వగలిగిన జవాబుల్లో అన్నిటికంటే అమర్యాదైనది అదేనని నా అభిప్రాయం. ‘రాలేను, కానీ పిలిచినందుకు చాలా సంతోషం’ అని చెప్పడం దానికంటే వెయ్యి రెట్లు మేలు.

ఇది గాల్లోంచి పుట్టిన అభిప్రాయం కాదు. పోయిన కార్తీకమాసంలో మా రూమ్మేట్ వాళ్ళ అక్క పెళ్ళి. ఊరు భీమవరం దగ్గర పల్లెటూరు, ముహూర్తం అర్ధరాత్రి దాటాక 1:47కి. మావాడు క్లాసులోవాళ్ళనీ, హాస్టల్లోవాళ్ళనీ కలిపి 23 మందిని పిలిచాడు. అందర్నీ విడివిడిగా, రూములకెళ్ళి, శుభలేఖ చేతికిచ్చి మరీ. 9 మంది వస్తామన్నారు. ముగ్గురం రాలేమన్నాం (నాకు మర్నాడు పొద్దున్నే ల్యాబ్ ఎక్స్‌టర్నల్). మిగిలిన 11 మంది ‘చూస్తాం’ అన్నారు.

ఇప్పుడు అవతలి వైపు ఏం జరిగిందో చూడండి. అలాంటి పెళ్ళిళ్ళలో వసతులు చూసే బాధ్యత సాధారణంగా ఒక బాబాయికో మావయ్యకో పడుతుంది. ఆయన వారం ముందే ఫోన్ చేసి, “మీ కాలేజీ కుర్రాళ్ళు ఎంతమంది దిగుతున్నార్రా?” అని అడిగాడు. మావాడు “తొమ్మిది నుంచి ఇరవై మధ్య ఉంటారు బాబాయ్” అన్నాడు. ఆయన “అది లెక్క ఎలా అవుతుందిరా” అన్నాడు. నిజమే కదా. ఏ ల్యాబ్ రికార్డులోనైనా 14.5 ± 5.5 అని రీడింగు రాస్తే సార్ మన మొహం మీదే పుస్తకం మూసేస్తారు. కానీ అక్కడ ఆ పెద్దాయన ఆ రీడింగుతోనే గదులు బుక్ చేయాలి.

గదికి ముగ్గురు లెక్కన తొమ్మిది మందికైతే మూడు గదులు చాలు. ఇరవై మందికైతే ఏడు కావాలి. సరే మధ్యస్థంగా అనుకుని పదిహేను మందికి ఐదు గదులు తీసుకున్నారు. స్టేషన్ నుంచి ఊరికి తీసుకెళ్ళడానికి పన్నెండు సీట్ల బండి సరిపోతుందో లేదోనని పదిహేడు సీట్లది మాట్లాడారు. చివరికి ‘చూస్తాం’ అన్న 11 మందిలో ఇద్దరే వెళ్ళారు. నలుగురు ముందురోజు రాత్రి ‘సారీ రా’ అని మెసేజ్ పెట్టారు. ఐదుగురు అదీ లేదు. మొత్తం వెళ్ళింది 11 మంది. నాలుగు గదులకు సరిపోయారు, ఐదో గది తాళం తియ్యలేదు. మంచి ముహూర్తాల రోజుల్లో ఆ చుట్టుపక్కల లాడ్జిల్లో గది దొరకడం ఎంత కష్టమో పెళ్ళి చేసినవాళ్ళని అడగాలి. అదే రాత్రి మావాడి సొంత మేనత్త కళ్యాణమండపంలో జంపఖానా మీద పడుకుంది, కాలేజీ పిల్లలకి ఇబ్బంది కాకూడదని. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. ఇది వాడు మాకు ఫిర్యాదులా చెప్పలేదు, మాటల్లో వచ్చింది. వాడు పట్టించుకోకపోయినా నాకు మాత్రం ఆ జంపఖానా బుర్రలోంచి పోలేదు.

భోజనాల సంగతీ అంతే. కేటరింగ్ వాళ్ళు ప్లేటుకింత అని మాట్లాడుకుంటారు. కొన్ని రోజుల ముందు ఇన్ని ప్లేట్లు అని ఖాయంగా చెప్పాలి. ఆ సంఖ్య కంటే తక్కువమంది తిన్నా డబ్బు కట్టాల్సిందే, ఎక్కువమంది వస్తే ఆఖరి బంతిలో కూర ఉండదు, పప్పూ చారుతో సర్దుకోవాలి. అంటే పిలిచినవాళ్ళకి ‘రాను’ అనే కబురు ఏ రోజు చేరిందన్నదే అసలు విషయం. పది రోజుల ముందు చేరితే అది సాయం. ముందురోజు రాత్రి చేరితే అది కేవలం సమాచారం. మాటలు రెండింట్లోనూ ఒకటే కావచ్చు.

‘మరి మొహం మీద రానని ఎలా చెప్తాం?’ అంటారు. ఇక్కడే నాకు మన భాష మీద ప్రేమ పుడుతుంది. ఎందుకంటే రానని చెప్పడానికి తెలుగులో ఉన్నన్ని మెట్లు చాలామంది వాడరు గానీ, వాడితే ‘చూస్తాను’ అవసరమే పడదు.

‘రాను’ అనేది ఒకే పదం. కాదు, లేదు అనే వేరే మాట అక్కర్లేకుండా వ్యతిరేకం క్రియలోనే కలిసిపోయి ఉంటుంది. అందుకే అది కత్తిలా ఉంటుంది. అందులో నా ఇష్టం తప్ప ఇంకేమీ లేదు. ‘రాలేను’ దగ్గరికొచ్చేసరికి ఆ ‘లే’ వచ్చి ఇది ఇష్టం సంగతి కాదు, చేతనవడం సంగతి అని చెప్తుంది. ‘రాలేకపోతున్నాను’ అంటే ఇంకో మెట్టు. ‘పోవు’ అనే క్రియ తోకలా తగిలితే జరిగేది మన చేతుల్లో లేదన్న అర్థం వస్తుంది, మర్చిపోయాను, ఓడిపోయాను, అలిసిపోయాను అన్నట్టు. ‘రాలేకపోతున్నాను’లో వెళ్ళాలన్న కోరికా ఉంది, వెళ్ళలేనితనమూ ఉంది, దానికి బాధా ఉంది. ఒక్క పదంలో ఇన్ని! వేరే ‘సారీ’ కూడా అక్కర్లేదు.

ఇంకో దారి ‘నాకు కుదరడం లేదు’. ఇందులో ‘నేను’ కర్తగా లేనే లేను. కుదరాల్సింది ఏదో ఉంది, అది కుదరట్లేదు, అంతే. పెద్దవాళ్ళతో ఇది బాగా పనికొస్తుంది. కానీ ‘కుదరదు’ అని మాత్రం అనకండి. ‘కుదరదు’ అనేది బేరంలో కొట్టువాడు అనే మాట. ‘కుదరడం లేదు’కీ ‘కుదరదు’కీ మధ్య తేడా, తలుపు దగ్గరగా వేయడానికీ గడియ పెట్టడానికీ మధ్య ఉన్నంత. అలాగే ‘రాలేకపోవచ్చు’ని కూడా నమ్మకండి. చూడ్డానికి ‘రాలేకపోతున్నాను’కి చెల్లెలిలా ఉంటుంది గానీ అది ‘చూస్తాను’ వేసుకున్న పట్టుబట్ట.

ఇక థాంక్స్ సంగతి. ‘మీ ఆహ్వానానికి ధన్యవాదాలు’ అని టైప్ చేసి పంపేవాళ్ళున్నారు. తప్పులేదు, కానీ అది మైకులో వినిపించే తెలుగు. మన ఇళ్ళల్లో కృతజ్ఞత ఎప్పుడూ ఆ పదంతో నడవలేదు. మన పెద్దవాళ్ళు థాంక్స్ అనరు, అవతలివాళ్ళు చేసిన పనిని తిరిగి చెప్తారు. ‘ఇంత ఎండలో అంత దూరం నుంచి వచ్చి పిలిచారు’, ‘మమ్మల్ని గుర్తుపెట్టుకున్నారు, అదే పదివేలు’. ఇదే అసలు కిటుకు. నన్ను పిలవడానికి నువ్వు ఏం చేశావో నేను చూశాను అని చెప్పడమే మన థాంక్స్. మావాడు ఎక్స్‌టర్నల్స్ ముందు మూడు రోజులు రూమురూముకీ తిరిగాడు. నేను వాడితో అన్నది, “గ్రూపులో కార్డు పడేసి ఊరుకోవచ్చు కదరా, నా దగ్గరికొచ్చి చేతికిచ్చావు, చాలా బాగుంది.” తర్వాతే “పెళ్ళి మర్నాడు నాకు ల్యాబ్ ఎక్స్‌టర్నల్ పడింది, రాలేకపోతున్నాను” అన్నాను. ఈ వరస ముఖ్యం. రాలేనని ముందు చెప్పి థాంక్స్ తర్వాత చెప్తే, ఆ థాంక్స్ గాయం మీద రాసిన ఆయింట్‌మెంటులా ఉంటుంది.

కారణం విషయంలో నాకు రెండు పట్టుదలలున్నాయి. ఒకటి, కారణం ఒక్కటే చెప్పాలి. ‘ల్యాబ్ ఉంది, పైగా ఒంట్లో బాలేదు, ఇంట్లో కూడా ఏదో పని’ అని మూడు చెప్పినవాడి మీద ఎవరికైనా అనుమానం వస్తుంది. రెండోది, అవతలివాళ్ళు తీర్చగలిగిన కారణం చెప్పకూడదు. మావాడి పిలుపుకి ఒకడు ‘ట్రైన్ టికెట్ దొరకట్లేదు’ అన్నాడు. మావాడు వెంటనే “తత్కాల్‌లో నేను తీస్తాలే” అన్నాడు. మన తెలుగు ఇళ్ళలో పెళ్ళివారికి అడ్డంకి చెప్పడమంటే వాళ్ళకో పని అప్పజెప్పడమే! సెలవు లేదంటే మీ హెచ్‌ఓడీతో మాట్లాడతామంటారు, బట్టల్లేవంటే మా తమ్ముడివి ఇస్తామంటారు. నిజంగా అడ్డం టికెట్టే అయితే తత్కాల్‌కి ఒప్పుకోండి, వెళ్ళండి. వెళ్ళే ఉద్దేశం లేనప్పుడు టికెట్ పేరు చెప్పొద్దు. చెప్పుకోదగ్గ కారణం లేకపోతే ‘ఆ రోజు నాకు కుదరడం లేదురా’ అని ఆపేయొచ్చు. అబద్ధం మాత్రం వద్దు. జ్వరమని చెప్పినవాడి స్టోరీలో అదే రాత్రి బిర్యానీ ప్లేటు కనిపిస్తే ఆ జ్వరం జన్మలో తగ్గదు.

ఒకసారి చెప్తే అయిపోతుందా అంటే, అవదు. మన దగ్గర పిలుపు మూడు రౌండ్లు ఉంటుంది, భోజనంలో మారు వడ్డన లాగా. రూమ్మేట్‌తో చెప్పిన మర్నాడు వాళ్ళ అమ్మగారు ఫోన్ చేశారు. ఆ సంభాషణ దాదాపు ఇలా నడిచింది.

“ఏం నాన్నా, రావట్లేదంట?”

“అవును ఆంటీ. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ల్యాబ్ ఎక్స్‌టర్నల్ ఉంది. రాలేకపోతున్నాను.”

“అలా అంటే ఎలా? మావాడి రూమ్మేట్‌వి, నువ్వు లేకపోతే ఎలా చెప్పు? సాయంత్రం వచ్చి భోంచేసి రాత్రికే వెళ్ళిపో.”

“మీరు ఇంత పనిలో ఉండి కూడా నాకు ఫోన్ చేశారు ఆంటీ, చాలా సంతోషంగా ఉంది. కానీ పొద్దున తొమ్మిదికల్లా ల్యాబ్‌లో ఉండాలి, రాలేకపోతున్నాను. అక్క అత్తారింటి నుంచి వచ్చినప్పుడు నేను, వాడు కలిసి వస్తాం.”

“సర్లే, పరీక్ష బాగా రాయి. అప్పుడైనా తప్పకుండా రావాలి.”

ఇందులో రెండోసారి ఆవిడ బలవంతపెట్టడాన్ని ఒత్తిడి అనుకోకూడదు. ఒక్కసారి రానంటే ‘సరే’ అని పెట్టేస్తే, పిలుపు పేరుకే అనుకుంటామేమోనని వాళ్ళ భయం. అది ఆవిడ మర్యాద. నా మర్యాద ఏమిటంటే, రెండోసారి కూడా అదే కారణాన్ని దాదాపు అవే మాటల్లో చెప్పడం. చాలామంది ఇక్కడే జారిపోతారు. బలవంతపెట్టగానే కొత్త కారణం తీస్తారు, లేదా ‘సరే ఆంటీ, చూస్తాను’ అనేస్తారు. ఆ ‘చూస్తాను’తో ఆవిడ ప్లేట్ల లెక్కలో మళ్ళీ ఒక ప్లేటు పెరుగుతుంది.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. మా అమ్మమ్మ ఒప్పుకోదు. కుంకుమభరిణె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి బొట్టు పెట్టి పిలిచినవాళ్ళతో ‘రాము’ అనడం అశుభం అంటుంది. శుభలేఖ నాలుగు మూలలా పసుపు రాసి తెస్తారు, అలాంటిది అందుకుంటూ నోటివెంట ‘లేదు’ అనే మాట రాకూడదట. నేను ఈ వాదాన్ని కొట్టిపారెయ్యను. వాళ్ళు ఆ పూట ఇంకా పది ఇళ్ళు తిరగాలి, మొదటి ఇంట్లోనే కాదనిపించుకుంటే మనసు చివుక్కుమంటుంది. కాబట్టి గుమ్మంలో చెప్పొద్దు. కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి, బొట్టు పెట్టించుకోండి, పెళ్ళికొడుకు ఏం చేస్తాడో, ఏ ఊరో అడగండి, ‘చాలా సంతోషం అత్తయ్యా’ అనండి. ఇవన్నీ నిజంగా నిజాలే, ఇందులో వస్తామన్న మాట ఎక్కడా లేదు. ఆ సాయంత్రమో మర్నాడో ఫోన్ చేసి విషయం చెప్పండి. గడప దగ్గర శుభం దక్కింది, వంటవాడికి లెక్కా దక్కింది. ఈ పద్ధతికి మా అమ్మమ్మ ‘నీ ఇష్టం’ అంది. ఆవిడ ‘నీ ఇష్టం’ అంటే ఓడిపోయినట్టు కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు, అది వేరే సంగతి.

ఇంకో ఎదురువాదం మన క్యాంపస్‌లో వినిపించేది. ‘నిజంగానే తెలియదు మావా, ఆ వారం షెడ్యూల్ రాలేదు, అందుకే చూస్తా అన్నా’ అని. న్యాయమే. తెలియనప్పుడు తెలియదనే చెప్పాలి. కానీ అప్పుడు తేదీ కూడా చెప్పాలి. ‘టైమ్‌టేబుల్ పదో తారీఖుకి వస్తుంది, ఆ రోజు రాత్రికి నీకు చెప్తా, అప్పటిదాకా నన్ను లెక్కలో వేసుకోకు.’ ఈ చివరి ముక్క చాలా ముఖ్యం. దాంతో అనిశ్చితి మీ దగ్గరే ఉండిపోతుంది, వాళ్ళ బాబాయి నెత్తిన పడదు. పదో తారీఖుకి కూడా తేలకపోతే రాలేనని చెప్పేయడమే. తర్వాత అనుకోకుండా వీలైతే ‘చోటుంటేనే వస్తాను’ అని అడగొచ్చు. వస్తానని మానేసినవాడి కంటే, రానని చెప్పి అడిగి వచ్చినవాడికి ఎక్కడైనా ఒక కుర్చీ దొరుకుతుంది.

రాలేనన్నాక చెయ్యాల్సింది కూడా కొంత ఉంది, పెద్ద పనేం కాదు. నేను నూటపదహార్లు కవర్లో పెట్టి, పైన నా పేరు రాసి, వెళ్ళేవాడి చేతికిచ్చాను. చదివింపుల పుస్తకంలో రాశారట. ఫోన్‌లో పంపినా డబ్బు చేరుతుంది కానీ, ఆ పుస్తకాన్ని పెళ్ళయ్యాక ఇంట్లోవాళ్ళంతా చుట్టూ కూర్చుని చదువుకుంటారు. పేరు అక్కడ ఉండటం వేరు. స్టూడెంట్లం, ఎక్కువ పెట్టక్కర్లేదు. రాలేకపోతున్నామన్న మొహమాటంతో అయిదొందల పదహారు పెట్టడం నాకు నచ్చదు, అది జరిమానా కట్టినట్టు ఉంటుంది.

పెళ్ళిరోజు ఫోన్ చేయకండి, ఎత్తేవాళ్ళుండరు. రెండు రోజులాగి చేయండి. చేసినప్పుడు రాలేకపోయినందుకు మళ్ళీ మొదట్నుంచీ బాధపడకండి, అది వాళ్ళచేత మనల్ని ఓదార్పించుకోవడం అవుతుంది. పెళ్ళి ఎలా జరిగిందో అడగండి. తలంబ్రాల దగ్గర ఎవరు గెలిచారు, బంతిలో ఏం వేశారు, వాన పడలేదు కదా, ఇలాంటివి. పెళ్ళి చేసి అలిసిపోయినవాళ్ళకి ఆ కథ ఎవరికైనా చెప్పాలని ఉంటుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళందరూ చూసేశారు కాబట్టి, వినడానికి మిగిలింది రానివాళ్ళే. మా రూమ్మేట్ వాళ్ళ అమ్మగారు నాకు నలభై నిమిషాలు చెప్పారు. గదుల సంగతి ఆవిడ ఎత్తలేదు. మేనత్త మోకాళ్ళ సంగతి మాత్రం, ఇప్పుడెలా ఉందని నేనే అడిగాను.